చివరి హిసాబు ఏ అంకె మీద?

గల్ఫ్‌లో పనిచేస్తున్న మన సోదరులు సెలవు మీద ఊరికి వచ్చినప్పుడు నలుగురూ కూర్చుంటే తప్పకుండా ఒక ప్రశ్న వినిపిస్తుంది. "నేనే రాజీనామా ఇస్తే సర్వీసు డబ్బు వస్తుందా, లేక కంపెనీవాళ్లే తీసేసేదాకా ఓపిక పట్టాలా?" దీనికి దుబాయ్‌లో ఉన్నవారు ఒక సమాధానం చెబుతారు, రియాద్‌లో ఉన్నవారు మరొకటి చెబుతారు. ఇద్దరూ అనుభవం మీదే చెబుతున్నామంటారు. అయితే ఒక దేశపు లెక్కను మరో దేశానికి, పదేళ్ల కిందటి చట్టాన్ని ఈనాటి ఉద్యోగానికి అన్వయించుకోవడం వల్ల చాలామంది తమకు రావలసిన మొత్తాన్ని తప్పుగా అంచనా వేసుకుంటున్నారు. యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్ విషయంలో ఈ పొరపాటు మరీ ఎక్కువగా జరుగుతోంది. అక్కడ 2022 ఫిబ్రవరి 2 నుంచి చట్టమే మారిపోయింది. మాటలు మాత్రం పాతవే నడుస్తున్నాయి.

ముందుగా ఆ డబ్బు పేరు సంగతి చూద్దాం. అరబీలో దానిని 'ముకాఫఅతు నిహాయతిల్ ఖిద్మా' అంటారు. సేవ ముగింపులో ఇచ్చే ప్రతిఫలం అని అర్థం. ఉర్దూ తెలిసినవారికి 'ముకాఫాత్' అనే మాట కొత్తది కాదు. చేసినదానికి దక్కే బదులు అనే అర్థంలో వాడుతూనే ఉంటాం. మన కార్మికులు దీన్ని సర్వీసు డబ్బు అంటారు, హిసాబు అంటారు, ఆఫీసువాళ్లు గ్రాట్యుటీ అంటారు. కొందరు ఫోర్‌మన్లు, కంపెనీ గుమాస్తాలు మాత్రం దీన్ని బోనస్ అనో, బఖ్షీష్ అనో చెప్పి, యజమాని సంతోషిస్తే ఇచ్చేదిగా భ్రమ కల్పిస్తారు. అది నిజం కాదు. ఇది చట్టం లెక్క కట్టి నిర్ణయించిన బాకీ. యజమాని ఇష్టాయిష్టాలతో దానికి సంబంధం లేదు.

ఎమిరేట్స్‌లో ఈ లెక్క 2021లో వెలువడిన 33వ నంబరు ఫెడరల్ డిక్రీ చట్టం ప్రకారం జరుగుతుంది. దాని 51వ అధికరణం చెప్పేది క్లుప్తంగా ఇది. ఒక సంవత్సరం నిరంతరంగా పనిచేసిన విదేశీ ఉద్యోగికి మొదటి ఐదేళ్లలో ఒక్కో ఏడాదికి 21 రోజుల బేసిక్ వేతనం, ఐదేళ్లు దాటిన తర్వాత ఒక్కో ఏడాదికి 30 రోజుల బేసిక్ వేతనం ఇవ్వాలి. ఏడాది పూర్తయ్యాక మిగిలే నెలలకు, రోజులకు కూడా ఆ నిష్పత్తిలో లెక్క కడతారు. మొత్తం కలిపి రెండేళ్ల వేతనాన్ని మించకూడదు. ఈ పరిమితి మన కార్మికులలో చాలామందిని తాకదు, ఎందుకంటే అక్కడికి చేరాలంటే పాతికేళ్ల సర్వీసు కావాలి. ఏడాది నిండకముందే వెళ్లిపోయినవారికి ఏమీ రాదు. ఇళ్లలో పనిచేసే డ్రైవర్లు, వంటవారు, ఆయాలు ఈ చట్టం కిందకి రారు, వారికి వేరే చట్టం ఉంది. కనుక ఇక్కడ చెప్పేదంతా కంపెనీలలో, దుకాణాలలో, నిర్మాణ పనులలో ఉన్నవారి గురించేనని గ్రహించాలి.

రాజీనామా మాట ఎక్కడి నుంచి వచ్చింది?

పాత చట్టం 1980 నాటిది. అందులో ఉద్యోగి తనంతట తాను మానేస్తే కోత ఉండేది. గడువు లేని కాంట్రాక్టు మీద పనిచేసేవాడు ఏడాదికి, మూడేళ్లకు మధ్య రాజీనామా చేస్తే లెక్క ప్రకారం రావలసిన దానిలో మూడో వంతు మాత్రమే ఇచ్చేవారు. మూడు నుంచి ఐదేళ్ల మధ్యనైతే మూడింట రెండు వంతులు. ఐదేళ్లు దాటితేనే పూర్తి మొత్తం. గడువు ఉన్న కాంట్రాక్టు మధ్యలో మానేసినవాడి పరిస్థితి ఇంకా కఠినంగా ఉండేది. ఐదేళ్ల సర్వీసు దాటకపోతే అతనికి ఒక్క దిర్హాము కూడా వచ్చేది కాదు. తీవ్రమైన తప్పు చేశాడని నోటీసు లేకుండా తొలగించినా మొత్తం పోయేది. అందుకే ఆ రోజుల్లో 'రాజీనామా ఇవ్వకు, వాళ్లనే తీసేయనివ్వు' అనే సలహా పుట్టింది. ఆ రోజుల్లో అది మంచి సలహాయే.

కొత్త చట్టంలో ఈ మూడో వంతు, రెండు వంతుల నిచ్చెన లేదు. గడువు లేని కాంట్రాక్టులను తీసేసి అన్నిటినీ గడువు ఉన్న కాంట్రాక్టులుగా మార్చారు. ఏడాది పూర్తి చేసిన ఉద్యోగి తానే రాజీనామా చేసినా, యజమాని తీసేసినా, కాంట్రాక్టు గడువు ముగిసినా లెక్క ఒక్కటే. నోటీసు లేకుండా తొలగించగలిగే తప్పుల జాబితా 44వ అధికరణంలో ఇప్పటికీ ఉంది. అయితే అలా తొలగించినందుకు గ్రాట్యుటీని మొత్తంగా రద్దు చేసే పాత నిబంధనను కొత్త చట్టంలోకి తీసుకురాలేదు.

దీని ప్రభావం ఎంతో చిన్న ఉదాహరణతో చూద్దాం. షార్జాలో ఒక గోదాములో నాలుగేళ్లు పనిచేసిన యువకుడి బేసిక్ 1,200 దిర్హాములు అనుకుందాం. నెలను 30 రోజులుగా తీసుకుంటే రోజుకు 40 దిర్హాములు. నాలుగేళ్లకు 21 చొప్పున 84 రోజులు. అంటే 3,360 దిర్హాములు. అతను పాత చట్టం కింద గడువు లేని కాంట్రాక్టు మీద ఉండి రాజీనామా చేసి ఉంటే 2,240 వచ్చేది. గడువు ఉన్న కాంట్రాక్టును మధ్యలో వదిలేసి ఉంటే సున్నా. ఈనాడు అతను రాజీనామా చేసినా 3,360 రావాలి. అతని ముందు ఎవరైనా పాత కాగితం తీసి 'రెండు వంతులే నీకు' అని చూపిస్తే, ఆ కాగితానికి కాలం చెల్లిందని అతనికి తెలిసి ఉండాలి.

అలాగని మానేసే పద్ధతికి విలువ లేదని కాదు. కోత ఒక తలుపు నుంచి బయటకు వెళితే నోటీసు మరో తలుపు నుంచి లోపలికి వచ్చింది. కాంట్రాక్టులో రాసుకున్న నోటీసు కాలం 30 రోజులకు తగ్గకుండా, 90 రోజులకు మించకుండా ఉంటుంది. ఆ కాలం పనిచేయకుండా వెళ్లిపోయినవాడు ఆ రోజుల వేతనాన్ని యజమానికి పరిహారంగా చెల్లించాలి. ఇక్కడ ఒక మెలిక ఉంది. గ్రాట్యుటీ బేసిక్ మీద లెక్కిస్తారు, నోటీసు పరిహారాన్ని చివరగా అందుకున్న వేతనం మీద, అంటే అలవెన్సులతో కలిపి లెక్కిస్తారు. చట్టప్రకారం ఉద్యోగి నుంచి రావలసిన బాకీని గ్రాట్యుటీ నుంచి మినహాయించుకోవడానికి యజమానికి వీలుంది. తక్కువ బేసిక్ ఉండి, నోటీసు 90 రోజులుగా రాసిన కాగితం మీద సంతకం చేసినవాడు కోపంతో ఒక్క పూటలో పని వదిలేస్తే, ఏళ్ల తరబడి కూడిన డబ్బులో పెద్ద భాగం అక్కడే కరిగిపోతుంది. అది ఎంతో కింద చెప్పబోయే లెక్కలో చూపిస్తాను.

ఒక మేస్త్రీ లెక్క

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. జగిత్యాల ప్రాంతం నుంచి వెళ్లిన ఒక తాపీ మేస్త్రీని ఊహించుకుందాం. దుబాయ్‌లోని ఒక నిర్మాణ కంపెనీలో 2016 మార్చి 1న చేరాడు. 2024 నవంబరు 30 అతని చివరి పనిదినం. నెలకు చేతికి 1,800 దిర్హాములు వచ్చేది. ఇంటికి ఫోను చేసినప్పుడు 'నా జీతం 1,800' అనే చెబుతాడు, ఇంట్లోవాళ్లూ అదే లెక్క పెట్టుకుంటారు. కానీ కాంట్రాక్టులో ఆ 1,800 మూడు ముక్కలుగా ఉంది. బేసిక్ 1,000, బస కోసం 500, రవాణాకు 300.

ఉద్యోగం మొత్తం ఎనిమిదేళ్ల తొమ్మిది నెలలు. ఇందులో అతను తండ్రి అనారోగ్యం వల్ల జీతం లేని సెలవు మీద మూడు నెలలు ఊరిలో ఉండిపోయాడు. వేతనం లేకుండా పనికి దూరంగా ఉన్న రోజులను సర్వీసులో కలపరు. వేతనంతో కూడిన వార్షిక సెలవును మాత్రం తీసేయకూడదు. కొన్ని కంపెనీలు ఊరికి వెళ్లిన ప్రతి సెలవునూ తీసివేసి చూపిస్తాయి, అది తప్పు. మన మేస్త్రీకి మూడు నెలలు పోగా లెక్కకు వచ్చే సర్వీసు ఎనిమిదిన్నరేళ్లు.

మొదటి ఐదేళ్లకు 21 చొప్పున 105 రోజులు. వెయ్యి దిర్హాములను 30తో భాగిస్తే రోజుకు 33 దిర్హాముల 33 ఫిల్సులు. 105 రోజులకు 3,500 దిర్హాములు. మిగిలిన మూడున్నరేళ్లకు ఏడాదికి ఒక నెల బేసిక్ చొప్పున మరో 3,500. మొత్తం 7,000 దిర్హాములు. ఇంట్లోవాళ్లు 1,800 మీద లెక్క వేసుకుని ఉంటే 12,600 వస్తుందని ఎదురుచూస్తూ ఉంటారు. మధ్యలో కనిపిస్తున్న 5,600 దిర్హాములను ఎవరూ దొంగిలించలేదు. అది మొదటి నుంచీ లెక్కలో లేదు. కానీ ఈ సంగతి తెలియక 'కంపెనీవాడు మోసం చేశాడు' అని కోపగించుకునేవారు, అసలు మోసం జరిగినచోట గుర్తించలేకపోవడం చూస్తుంటాం.

నోటీసు సంగతి ఇక్కడ పెట్టి చూడండి. ఇతని కాంట్రాక్టులో నోటీసు 30 రోజులైతే, చెప్పకుండా వెళ్లినందుకు 1,800 పోయి 5,200 మిగులుతుంది. 90 రోజులైతే 5,400 పోయి చేతికి వచ్చేది 1,600. ఎనిమిదిన్నరేళ్లకు 1,600!

మరి అసలు మోసం ఎక్కడ జరుగుతుంది? చట్టం 'చివరి బేసిక్' అంటుంది. అంటే చేరినప్పటి బేసిక్ కాదు, ఏటా మారిన బేసిక్‌ల సగటు కూడా కాదు. ఉద్యోగం ముగిసే నాటికి కాంట్రాక్టులో ఉన్న అంకె ఏదో అదే మొత్తం సర్వీసుకూ వర్తిస్తుంది. ఇది ఉద్యోగికి మేలు చేసే నియమం. మన మేస్త్రీ 800 బేసిక్‌తో మొదలుపెట్టి ఉన్నా, వెయ్యి మీదే లెక్క కట్టాలి. అయితే ఇదే నియమాన్ని తలకిందులుగా వాడే యజమానులు ఉన్నారు. కాంట్రాక్టు పునరుద్ధరణ సమయంలో కొత్త కాగితం పెడతారు. అందులో మొత్తం జీతం అదే 1,800. బేసిక్ మాత్రం 700, అలవెన్సులు 1,100. కార్మికుడు కింద ఉన్న మొత్తం చూస్తాడు, తగ్గలేదు కదా అని సంతకం చేస్తాడు. నెలనెలా బ్యాంకులో పడే డబ్బులో ఏ తేడా కనిపించదు. కానీ ఉద్యోగం ముగిసే రోజున ఆ 700 వెనక్కి వెళ్లి ఎనిమిదిన్నరేళ్లనూ తాకుతుంది. 7,000 రావలసినచోట 4,900 వస్తుంది. ఒక్క సంతకంతో 2,100 దిర్హాములు పోయాయి. ఇందులో ఎవరూ చట్టాన్ని అతిక్రమించినట్టు పైకి కనిపించదు, ఎందుకంటే మార్పుకు కార్మికుడే ఒప్పుకున్నాడు.

అందువల్ల కాంట్రాక్టు మారిన ప్రతిసారీ కింద ఉన్న మొత్తాన్ని కాక పైన ఉన్న మొదటి అంకెను చూడాలి. అరబీ భాగంలో బేసిక్‌ను 'అల్ అజ్రుల్ అసాసీ' అనో 'రాతిబ్ అసాసీ' అనో రాస్తారు. ఉర్దూలో అది 'బునియాదీ తన్‌ఖ్వాహ్'. దాని కింద 'బదలుస్సకన్' అంటే బస అలవెన్సు, 'బదలున్నఖ్ల్' అంటే రవాణా అలవెన్సు. 'ఇజ్మాలీ' అని ఉన్నది మొత్తం. అరబీ చదవగలనని తెలిసి ఈ కాగితాలు నా దగ్గరకు తెచ్చేవారిలో చాలామంది వేలు పెట్టి చూపేది 'ఇజ్మాలీ' ఉన్న చోటునే. నేను ముందు 'అసాసీ' వెదుకుతాను. ఎమిరేట్స్ 2016 నుంచి ఉద్యోగ ప్రతిపాదన పత్రాన్ని కార్మికుడికి అర్థమయ్యే భాషలో కూడా చూపాలని నియమం పెట్టింది. అప్పుడు ప్రకటించిన పదకొండు భాషల జాబితాలో ఉర్దూ, హిందీ, తమిళం, మలయాళం ఉన్నాయి. తెలుగు లేదు. మన జిల్లాల నుంచి అన్ని వేలమంది వెళుతున్నా ఈ లోటును గట్టిగా అడిగినవారు కనిపించరు. కనీసం ఉర్దూ చదవగలిగిన సోదరులు తమ గదిలో ఉన్న తెలుగు కార్మికులకు, వారు ఏ మతం వారైనా సరే, ఆ ఒక్క వరుస చదివిపెడితే ఎంతో ఉపకారం.

సర్వీసును ముక్కలు చేయడం ఇంకో పద్ధతి. యజమానికి రెండు మూడు పేర్లతో కంపెనీలు ఉంటాయి. ఐదేళ్లు నిండబోతున్నాయనగా కార్మికుడిని ఒకదాని నుంచి మరోదానికి మారుస్తారు. పని అదే, శిబిరం అదే, ఫోర్‌మన్ అదే. కాగితం మీద మాత్రం పాత ఉద్యోగం ముగిసి కొత్తది మొదలవుతుంది. ఏడాదికి 21 రోజుల దశ మళ్లీ మొదటికి వస్తుంది, 30 రోజుల దశ దూరమవుతుంది. ఇలా మార్చినప్పుడు రెండే న్యాయమైన దారులు. పాత కంపెనీ ఆ రోజుకు లెక్క కట్టి డబ్బు చేతికి ఇవ్వాలి, లేదా పాత సర్వీసును కలుపుకుంటామని కొత్త కంపెనీ రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. నోటిమాటగా 'అంతా ఒకటే కంపెనీ భాయ్' అంటే అది చివరి రోజున ఎందుకూ పనికిరాదు.

2023లో అక్కడి మంత్రిమండలి మరో ఏర్పాటు కూడా తెచ్చింది. యజమాని కోరుకుంటే గ్రాట్యుటీకి బదులు నెలనెలా ఒక పొదుపు నిధిలో జమ చేయవచ్చు. ఐదేళ్లలోపు సర్వీసు ఉన్నవారికి బేసిక్‌లో 5.83 శాతం, ఐదేళ్లు దాటినవారికి 8.33 శాతం. ఈ శాతాలు ఎక్కడి నుంచి వచ్చాయా అని ఆశ్చర్యపడనక్కరలేదు. 360లో 21 రోజులు, 360లో 30 రోజులు, అంతే. ఇది యజమాని ఐచ్ఛికం. మీ కంపెనీ అందులో చేరి ఉంటే, చేరిన తేదీ వరకు ఉన్న పాత సర్వీసుకు ఆనాటి బేసిక్ మీద లెక్క కట్టి ఉంచాలి, దాని కాగితం అడిగి తీసుకోవాలి.

సౌదీలో కారణమే కీలకం

ఇప్పుడు ఇదే మేస్త్రీ దుబాయ్‌కి కాక దమ్మామ్‌కు వెళ్లి ఉంటే? ఇక్కడ రెండు విషయాలు తారుమారవుతాయి. సౌదీ కార్మిక చట్టం 84వ అధికరణం మొదటి ఐదేళ్లకు ఏడాదికి అర నెల వేతనం, ఆ తర్వాత ఏడాదికి ఒక నెల వేతనం ఇమ్మంటుంది. అక్కడ వేతనం అంటే బేసిక్ ఒక్కటే కాదు, క్రమంగా ఇచ్చే అలవెన్సులు కూడా కలుస్తాయి. కమీషన్ల వంటి హెచ్చుతగ్గుల రాబడిని లెక్క నుంచి తీసేయడానికి ఇరువురూ ఒప్పుకోవచ్చు. కాబట్టి 1,800 రియాళ్ల జీతం, ఎనిమిదిన్నరేళ్ల సర్వీసు అనుకుంటే, మొదటి ఐదేళ్లకు 900 చొప్పున 4,500, తర్వాత మూడున్నరేళ్లకు 6,300, మొత్తం 10,800 రియాళ్లు. ఎమిరేట్స్‌తో పోలిస్తే లెక్క ఉదారంగానే ఉంది.

కానీ 85వ అధికరణం ఇక్కడ ఎదురుగా నిలబడుతుంది. ఉద్యోగి రాజీనామా చేస్తే రెండేళ్లలోపు సర్వీసుకు ఏమీ రాదు. రెండు నుంచి ఐదేళ్ల వరకు మూడో వంతు. ఐదు దాటి పదేళ్లలోపైతే మూడింట రెండు వంతులు. పదేళ్లు పూర్తయితేనే మొత్తం. మన మేస్త్రీ రాజీనామా చేస్తే 10,800కు బదులు 7,200 వస్తుంది. అతని కాంట్రాక్టు గడువు ముగిసిపోతే, లేదా యజమానే తొలగిస్తే 10,800 పూర్తిగా రావాలి. 80వ అధికరణంలోని తీవ్రమైన తప్పుల కింద తొలగించి ఉంటే మాత్రం అసలే రాదు. కనుక గడువు ముగియడానికి నాలుగు నెలల ముందు తొందరపడి 'ఇస్తిఖాలా' అని రాసిన కాగితం మీద సంతకం చేయడం సౌదీలో చాలా ఖరీదైన పని. ఇస్తిఖాలా అంటే రాజీనామా. గడువు ముగింపు అని రాయవలసినచోట ఆ మాట రాసి ఇస్తే సంతకం చేయకండి.

పదేళ్ల గీత దగ్గర తేడా ఎంత పదునుగా ఉంటుందో చూడండి. అదే జీతంతో తొమ్మిదేళ్ల పదకొండు నెలలకు రాజీనామా చేసినవాడి పూర్తి లెక్క 13,350 రియాళ్లు, అందులో రెండు వంతులు 8,900. మరొక్క నెల ఆగి పదేళ్లు నింపుకుని రాజీనామా చేస్తే 13,500 మొత్తం చేతికి. ఒక్క నెలకు 4,600 రియాళ్ల తేడా. ఇల్లు వదిలి పదేళ్లు గడిపిన మనిషికి ఈ ఒక్క నెల గురించి చెప్పేవాడు లేకపోవడం ఎంత అన్యాయం!

రాజీనామా చేసినా పూర్తి మొత్తం దక్కే సందర్భాలు కొన్ని సౌదీ చట్టంలో ఉన్నాయి. వివాహమైన ఆరు నెలల్లోపు, లేదా ప్రసవమైన మూడు నెలల్లోపు ఉద్యోగం మానుకునే మహిళకు కోత లేదు. అక్కడి ఆసుపత్రులలో పనిచేస్తున్న మన నర్సు సోదరీమణులు ఇది గుర్తుంచుకోవాలి. యజమాని ఒప్పందాన్ని ఉల్లంఘించినప్పుడు, ఉదాహరణకు ముఖ్యమైన బాధ్యతలను నెరవేర్చనప్పుడు, 81వ అధికరణం కింద నోటీసు లేకుండా వెళ్లినా హక్కు నిలుస్తుంది. అయితే ఆ ఉల్లంఘనను రుజువు చేయాల్సి ఉంటుంది. కువైట్‌లో కూడా 2010 చట్టం ప్రకారం రాజీనామాకు ఇలాంటి నిచ్చెన ఉంది. మూడేళ్లలోపు ఏమీ లేదు, ఐదేళ్లలోపు సగం, పదేళ్లలోపు రెండు వంతులు. అంటే 'రాజీనామా ఇస్తే నష్టమా?' అనే ప్రశ్నకు కువైట్‌లో, సౌదీలో ఔననీ, ఎమిరేట్స్‌లో కాదనీ చెప్పాలి. ఏ దేశమో అడగకుండా సలహా చెప్పేవారి మాట వినకపోవడమే మంచిది.

సంతకం ముందు, డబ్బు తర్వాతనా?

మళ్లీ ఎమిరేట్స్‌కు వద్దాం. కాంట్రాక్టు ముగిసిన 14 రోజుల్లో వేతనం, మిగిలిన సెలవుల డబ్బు, గ్రాట్యుటీ అన్నీ చెల్లించాలని 53వ అధికరణం చెబుతుంది. మన మేస్త్రీకి ఆ గడువు 2024 డిసెంబరు 14తో ముగిసింది. సెలవుల డబ్బు వేరు, గ్రాట్యుటీ వేరు. రెండూ బేసిక్ మీదే లెక్కిస్తారు కనుక కొన్ని కంపెనీలు ఒకే అంకెలో కలిపేసి చూపుతాయి. విడివిడిగా రాయించుకోకపోతే ఏది ఎంత తగ్గిందో పట్టుకోవడం కష్టం.

ఆచరణలో ఎక్కువ నష్టం జరిగేది వర్క్ పర్మిట్ రద్దు చేసే కాగితం దగ్గర. ఆ కాగితంలో 'నాకు రావలసినవన్నీ అందాయి' అనే అర్థం వచ్చే వాక్యం ఉంటుంది. టికెట్ చేతిలో పెట్టి, విమానం రాత్రికి ఉందని తొందర చేసి, డబ్బు బ్యాంకులో వేస్తామని చెప్పి సంతకం చేయించుకుంటారు. ఊరికి వచ్చాక డబ్బు రాకపోతే, అందిందని అతనే రాసిచ్చిన కాగితం అతనికే అడ్డుపడుతుంది. డబ్బు ఖాతాలో పడ్డాక, లేదా చెక్కు చేతికి వచ్చాక సంతకం చేయడం సరైన క్రమం. అది కుదరని పరిస్థితిలో కనీసం ఆ కాగితం ఫోటో, కాంట్రాక్టు నకలు, చివరి ఏడాది బ్యాంకు స్టేట్‌మెంటు, వేతన చీటీలు దగ్గర ఉంచుకోవాలి. సర్వీసు మొదలైన తేదీని రుజువు చేసే మొదటి కాంట్రాక్టు నకలు చాలామంది దగ్గర ఉండదు. పాస్‌పోర్టులోని మొదటి వీసా ముద్ర కొంతవరకు సాయపడుతుంది. కనుక పాస్‌పోర్టు కొత్తది తీసుకున్నా పాతదాన్ని పారేయకూడదు.

డబ్బు రాకపోతే ఫిర్యాదు అక్కడి మానవ వనరుల, ఎమిరటీకరణ మంత్రిత్వ శాఖకు చేయాలి. 2024 జనవరి నుంచి 50,000 దిర్హాములకు మించని వివాదాలలో ఆ శాఖ తానే నిర్ణయం ఇవ్వగలదు, ఆ నిర్ణయాన్ని కోర్టు తీర్పులాగా అమలు చేయించుకోవచ్చు. మేస్త్రీలు, డ్రైవర్లు, సేల్స్‌మన్ల గ్రాట్యుటీ వివాదాలు చాలావరకు ఈ పరిమితిలోనే పడతాయి. కోర్టుకు వెళ్లవలసి వచ్చినా లక్ష దిర్హాములలోపు కార్మికుల దావాలకు కోర్టు రుసుము లేదు. ఇంతకుముందు ఏడాది దాటితే దావా వినేవారు కాదు. 2024 ఆగస్టు 31 నుంచి అమలైన సవరణతో ఉద్యోగం ముగిసిన తేదీ నుంచి రెండేళ్ల వరకు గడువు పెరిగింది. ఊరికి వచ్చి, ఏడాదిపాటు ఫోన్లు చేసి విసిగిపోయినవారికి ఈ మార్పు ఎంత విలువైనదో వేరే చెప్పనక్కరలేదు. దుబాయ్‌లోని ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రం దారి చూపుతుంది, భారత ప్రభుత్వపు 'మదద్' పోర్టల్‌లోనూ ఫిర్యాదు నమోదు చేయవచ్చు. అయితే రాయబార కార్యాలయం యజమానితో మాట్లాడగలదు కానీ తీర్పు చెప్పలేదు. రెండేళ్ల గడువు నడుస్తూనే ఉంటుంది కనుక మంత్రిత్వ శాఖలో ఫిర్యాదును దీనికోసం ఆపి ఉంచకూడదు.

ఇంకొకరి పేరున వీసా తీసుకుని, బయట వేరేచోట పనిచేసే 'ఆజాద్ వీసా' సోదరుల పరిస్థితి ఈ లెక్కలన్నిటికీ బయటనే ఉంది. పని చేయించుకున్నవాడితో కాంట్రాక్టు ఉండదు, కాంట్రాక్టు రాసినవాడి దగ్గర పని చేయలేదు. బేసిక్ ఎంత అని అడగడానికే కాగితం ఉండదు. వీసాకు లక్షలు పెట్టేవారు ఈ నష్టాన్ని కూడా ఆ ఖర్చులో కలిపి చూసుకోవాలి.

ఉద్యోగంలో ఉండగానే మరణించినవారి విషయంలోనూ ఎమిరేట్స్ చట్టం గ్రాట్యుటీని నిలిపివేయదు. అదే లెక్క ప్రకారం, చివరి బేసిక్ మీదే కట్టి, మిగిలిన వేతనంతో సహా కుటుంబానికి పది రోజుల్లో అందించాలని 15వ అధికరణం ఆదేశిస్తుంది. ఆ డబ్బు ఎవరికి చేరాలో ఉద్యోగి ముందుగానే రాసి ఇవ్వవచ్చు. ఇన్సూరెన్సు డబ్బు, కంపెనీ సహోద్యోగులు చందాగా పోగుచేసి పంపిన డబ్బు దీనికి బదులు కావు. మృతదేహంతోపాటు వచ్చిన కవరులో ఉన్న మొత్తమే అంతా అనుకుని ఊరుకున్న కుటుంబాలు ఆ కవరులో గ్రాట్యుటీ ఎంత, వేతనం ఎంత, చందా ఎంత అని కంపెనీని రాతపూర్వకంగా అడగాలి.